యాభై మూడేళ్ల బాలింత

నెలసరి ఆగిన రెండేళ్లకు నా కడుపు ముందుకొచ్చింది. తిండి పెరగలేదు. కాళ్లూ చేతులూ సన్నబడ్డాయి, కడుపు మాత్రం ఊరింది. మా అత్తకు కారణం చూడగానే తెలిసిపోయింది.

"చిన్నోడు పుట్టినప్పుడు నీకు కట్టు సరిగ్గా కట్టలేదు. గాలి చేరుకోని ఉండాది. ఇప్పుడు కట్టల్ల."

చిన్నోడికి పెళ్లి సంబంధాలు చూస్తున్నాం. కాన్పయిన ఆడదాని కడుపుకు పాత చీర బిగించడం మా ఇళ్లలో ఆనవాయితీ. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. మా ఇంట్లో ఆమె నవ్వని పని జరిగి తీరుతుంది.

కట్టు ఒక్కటే కాదు. పూటకు పిడికెడు వెల్లుల్లికారం అన్నం, మంచం దిగకపోవడం, బిందె కూడా ఎత్తకపోవడం. నేను బడిలో మధ్యాహ్న భోజనం వండుతాను. ఎండాకాలం సెలవులన్నీ బాలింతనై పడుకున్నాను. ఎదురింటామె బెల్లం తెచ్చి "ఏం బిడ్డమ్మా?" అని అడిగి, నా నెరిసిన జుట్టు చూసి గమ్మున వెళ్లిపోయింది. బెల్లం మాత్రం వెనక్కి తీసుకుపోయింది, మహాతల్లి.

బడి తెరిచారు. పొయ్యి మీది అన్నం డేక్సా దించబోతే అది కదల్లేదు. "చేతకాకుంటే చెప్పక్కా, వేరే వాళ్లను పెట్టుకుంటాం" అన్నాడు హెడ్మాస్టరు. ఆ పొయ్యి దగ్గర తప్ప నన్ను లెక్కచేసే చోటు ఇంకొకటి లేదు. ఏడుపొచ్చింది. ఆసుపత్రికి పోయాను. అత్త కూడా వచ్చింది, కట్టు ఊడకుండా కాపలాకి.

డాక్టరమ్మ విప్పుతూనే ఉంది, చీర అయిపోదే!

"నెలసరి ఆగినాక ఒంట్లో ఈస్ట్రోజన్ తగ్గుతుందమ్మా. అంతకుముందు తొడలకూ పిరుదులకూ చేరే కొవ్వు ఇప్పుడు కడుపులో, పేగుల చుట్టూ ఎక్కువ చేరుతుంది. వయసుతో కండ కూడా కరుగుతుంది. కండ ఊరికే ఉన్నా తిండిని ఖర్చు చేస్తుంది. అది తగ్గితే అదే తిండి ఒంట్లో మిగిలిపోతుంది. నువ్వు తిండి మానేసి, మంచమెక్కి, ఉన్న కండ కూడా పోగొట్టుకున్నావు."

"అయితే గాలి కాదా?" అంది అత్త.

"కాదు. కడితే కొవ్వు కరగదు. పప్పు, గుడ్లు తినాల, నడవాల, కొంచెం కొంచెంగా బరువులెత్తాల."

తోటి వంటామె ఒక పక్క పట్టగా కొన్ని నెలలు నెట్టుకొచ్చాను. ఇంట్లో మొదట సగం బిందె, తర్వాత నిండు బిందె. ఒకనాడు డేక్సా ఒక్కదాన్నే దించాను. కడుపు కొంచెం తగ్గిందంతే.

ఇంటికొచ్చి డేక్సా దించిన సంగతి అత్తకు చెప్పాను. ఆమె తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది.

"మా అత్త నాకు కట్టు కట్టకనే చేనికి తోలిందే. ఈ కడుపు ఆయమ్మ చేసిందేనని, సచ్చేదాకా ఆయమ్మతో మాట్లాడకపోతిని."