రెండు సెండాఫ్‌ల గ్రాట్యుటీ

నా భార్య ఉద్యోగం మానినప్పుడు ఆమెకు సెండాఫ్ రెండుసార్లు జరిగింది. ఆమె పోయాక నన్ను చూడటానికి వచ్చినవాళ్ళలో ఆమెతో పనిచేసిన ఇద్దరు ఆడవాళ్ళు ఆ మాట ఎత్తి, నవ్వి, అలాంటి చోట నవ్వినందుకు ఇబ్బందిపడ్డారు. నేనూ నవ్వాను. చాలా రోజుల తర్వాత నాకు నవ్వు వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పటికి ఊరి పేరు ఇంకా మద్రాసే. కోడంబాక్కంలో ఒక ఫిల్మ్ లాబ్‌లో ఆమెది నెగటివ్ కటింగ్ పని. ఎడిటరు కోసి ఇచ్చిన ప్రింటును చూసుకుంటూ అసలు నెగటివ్‌ను సరిగ్గా అదే కొలతకు కోసి అతికించాలి. కింద నుంచి వెలుగు వచ్చే గాజుబల్ల ముందు, తెల్ల గ్లౌజులు వేసుకుని, ఏళ్ళ తరబడి అదే పని. కళ్ళు దెబ్బతిన్నాయి. ఇక ఆ వెలుగు ముందు కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు.

నేను ఒక తెలుగు పత్రికలో ప్రూఫ్ రీడర్ని. ఆ పత్రిక హైదరాబాదుకు తరలిపోయింది, నేను వెళ్ళలేదు. పుస్తకాల ప్రూఫులు ఇంటి దగ్గర దిద్దేవాణ్ణి. దానితో వంట గడుస్తుంది, అద్దె గడవదు. అద్దె ఆమె జీతంలోంచే పోయేది. కాబట్టి ఆమె ఉద్యోగం మానాలంటే ముందు అద్దె లేని ఇల్లు కావాలి.

అలాంటిది పక్క వీధిలోనే ఉంది. మేడ మీద రెండు గదులు, వంటిల్లు, ముందు కాస్త వసారా. ఆ మేడ సొంతదారు అయిన ఇంటావిడ దాన్ని భోగ్యానికి ఇస్తానంది. అరవై వేలు ఒకేసారి ఆమె చేతిలో పెడితే నెల అద్దె ఉండదు. ఖాళీ చేసిన రోజున ఆ అరవై వేలూ తిరిగి ఇచ్చేస్తుంది. మా దగ్గర బ్యాంకులో పన్నెండు వేలున్నాయి. పి.ఎఫ్. డబ్బు పోస్టాఫీసులో వేసి, నెలనెలా వచ్చే వడ్డీతో బతకాలనుకున్నాం. దాన్ని ముట్టుకోకూడదు. మిగతా నలభై ఎనిమిది వేలు గ్రాట్యుటీలో రావాలి.

ఇంటావిడ వాళ్ళు ఎన్నో తరాలుగా అరవదేశంలో ఉన్న తెలుగువాళ్ళు. గ్రాట్యుటీ లెక్క ఆవిడే చేసింది, మాకు కాఫీ ఇచ్చి, వేళ్ళు మడుస్తూ.

“ఏడాదికి అరనెల జీతం అంతే గదమ్మా. మా ఇంటాయనకు అట్లే ఇచ్చినారు. నీ జీతమెంత?”

“అన్నీ కలిపి మూడు వేల ఏడు వందలండీ.”

“సగం పద్దెనిమిది వందల యాభై. ఎన్నేండ్లు చేస్తా ఉండావు?”

“ఇరవయ్యేడోది నడుస్తోంది.”

“సెరి. యాభై వేలకు యాభై రూపాయలు తక్కువ. ఆ యాభై పోతే పోనీలే. ఇంక ఆలోచన ఏముండాది, ఎళ్ళి లెటరు రాసి పడెయ్.”

నా భార్య మర్నాడే రాసి పడేసింది. జూలై ముప్పై ఒకటి తన ఆఖరి రోజని రాసింది.

ఇక్కడ ఆడి నెల అడ్డం వచ్చింది. జూలై మధ్యలో మొదలై ఆగస్టు మధ్య దాకా ఉండే ఆ నెలలో ఈ ఊళ్ళో ఎవరూ శుభకార్యం తలపెట్టరు, ఇల్లు మారరు. ఇల్లు ఆ తర్వాత వచ్చే ఆవణి నెలలో మారవచ్చని ఇంటావిడే చెప్పింది. లాబ్‌లో వాళ్ళకు మాత్రం సెండాఫ్ ఆడిలో చేయడం ఇష్టం లేకపోయింది. ఆమె వెళ్ళేది నెలాఖరున అయినా ఆడి రాకముందే చేసేశారు. దండ వేశారు, గ్రూప్ ఫోటో తీయించారు, మూడు గిన్నెల హాట్‌ప్యాక్ సెట్టు ఇచ్చారు. మేనేజరు మాట్లాడుతూ మధ్యలో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడట.

ఆ తర్వాత వారం ఆమె గ్రాట్యుటీ ఫారం కోసం టైమ్ ఆఫీసుకు వెళ్ళింది. అక్కడి గుమాస్తా మన తెలుగాయనే, తిరువళ్ళూరు వైపు నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులైనా విప్పకుండా ఆమె నాకు ఆ మాటలన్నీ వినిపించింది.

“ఎంత వస్తాదనుకుంటా ఉండావక్కా?” అని అడిగాడట.

“యాభై వేలు.”

“ఎవురు చెప్పినారు?”

“మా ఇంటావిడ.”

“ఆమె ఇల్లు బాడుక్కిస్తాదా, లెక్కలు కడతాదా?”

తర్వాత అతను వివరంగా చెప్పాడు. గ్రాట్యుటీకి మొత్తం జీతం లెక్కలోకి రాదు. బేసిక్కూ డి.ఏ.యే వస్తాయి. ఇంటద్దె అలవెన్సు, బస్సు అలవెన్సు, ఓవర్‌టైం రావు. ఆమె బేసిక్, డి.ఏ. కలిపితే రెండు వేల ఆరు వందలు. దాన్ని ముప్పైతో కాదు, ఇరవయ్యారుతో భాగించాలి, ఎందుకంటే ఆదివారాలు పోతే నెలలో పని రోజులు ఇరవయ్యారని చట్టం లెక్క. అంటే రోజుకు వంద. ఏడాదికి పదిహేను రోజుల చొప్పున పదిహేను వందలు. ఇక ఏళ్ళు. ఆమె చేరింది ఫిబ్రవరి మూడో వారంలో. జూలై ఆఖరుకి ఇరవయ్యారేళ్ళ మీద అయిదు నెలల చిల్లర. ఆ చిల్లర ఆరు నెలలు దాటితేనే ఇంకో ఏడాది కింద లెక్క. దాటకపోతే పోయినట్టే.

“ముప్పైతొమ్మిది వేలండీ,” అంది ఆమె చెప్పులు విప్పుతూ. “తొమ్మిది వేలు తక్కువ.”

నేను అప్పు తెస్తానన్నాను. ఎవరిస్తారని అడిగింది. అది కోపంతో కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

కాని ఆమె ముఖంలో దిగులు లేదు. గుమాస్తా ఇంకో మాట కూడా చెప్పాడట. ఆగస్టు నెలాఖరు దాకా ఉంటే ఆరు నెలలు దాటి ఇరవయ్యేడేళ్ళవుతాయి. అదీగాక యూనియను వాళ్ళు మేనేజిమెంటుతో కొత్త జీతాల ఒప్పందం మాట్లాడుతున్నారు. అది ఏప్రిల్ నుంచి వర్తిస్తుంది, కాని సంతకాలయ్యే రోజున రిజిస్టరులో ఉన్నవాళ్ళకే. గ్రాట్యుటీకి ఆఖరి జీతమే లెక్క.

“ఎన్నేళ్ళు చేసినా అన్నిటికీ ఆఖరి జీతమేనా?” అని నేను అడిగాను.

“అన్నిటికీ అదేనట. నేను చేరినప్పుడు నూట ఇరవై ఇచ్చారు, గుర్తుందా? మొదటి ఏడాది రోజూ ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చేదాన్ని. ఆ ఏడాదికీ ఇప్పటి రేటే.” ఆమెకు అది చాలా నచ్చింది. రాత్రి కూర మాడబెట్టింది, అయినా దాని గురించే మాట్లాడింది.

ఆ లెక్క నాకు ఇప్పుడు నచ్చదు. మనిషి విషయంలో అలా కట్టకూడదు. ఆమె ఆఖరి నెలలు ఆసుపత్రిలో గడిచాయి. వాటి రేటుతో మిగతా ఏళ్ళను కొలవడం నాకు ఇష్టం లేదు. అందుకే ఆ రోజుల దగ్గరికి వెనక్కి వస్తున్నాను.

మర్నాడు ఆమె మేనేజరు గదికి వెళ్ళి, ఆఖరి రోజును ఆగస్టు ముప్పై ఒకటికి మార్చమని అడిగింది. ఆయన తెనాలి వైపు మనిషి, గొంతు కాస్త పెద్దది.

“సెండాఫ్ అయిపోయిందిగా అమ్మా.”

“సెండాఫ్ అయింది, ఆఖరి రోజు కాలేదు కదండీ. అది వచ్చేలోపు మార్చుకోవచ్చని టైమ్ ఆఫీసులో చెప్పారు.”

“దండేసి పంపించిన మనిషిని మళ్ళీ గేట్లోంచి రానిస్తే జనం నవ్వరూ?”

“నవ్వుతున్నారండీ ఇప్పటికే.”

ఆయన కాగితం ముందుకు లాక్కున్నాడు. వద్దనాలంటే అనగలడు. పని తగ్గుతోంది, ఒకరు పోతే ఆయనకూ మంచిదే. కాని దీపావళికి విడుదలయ్యే సినిమాలు మూడు అప్పుడే బల్ల మీదికి వచ్చి ఉన్నాయి. సంతకం పెట్టి, “ఆ స్పీచి మాత్రం మళ్ళీ చెప్పను. నాకు ఒక్కసారే వస్తుంది,” అన్నాడట.

ఆ నెలన్నర మా ఇంట్లో పండగలా గడిచింది. సెండాఫ్ కానుకను వెనక్కి ఇమ్మని తోటివాళ్ళు రోజూ వేధించేవారు. దానికి ఆమె ఆ హాట్‌ప్యాక్‌లలోనే గుత్తొంకాయ, పులిహోర, పెసరట్లు పట్టుకెళ్ళి వాళ్ళకు పెట్టేది. నేను ప్రూఫులు పక్కన పెట్టి వంకాయలు కోసేవాణ్ణి. కళ్ళలో చుక్కలు వేసుకుని ఆమె పనిలోకి వెళ్ళేది. కష్టమైన రీళ్ళు ఆమె దాకా రాకుండా స్నేహితురాళ్ళే సర్దుకునేవారు.

ఒప్పందం మాత్రం కదలలేదు. మేనేజిమెంటు బేసిక్, డి.ఏ. మీద మూడు వందలు పెంచుతానంది, యూనియను ఏడు వందలు అడిగింది. మాకు ఎంత కావాలో గుమాస్తా లెక్క కట్టి చెప్పాడు. ఇరవయ్యేడేళ్ళకు నలభై ఎనిమిది వేలు రావాలంటే పెంపు అయిదు వందలకు అటూ ఇటూగా ఉండాలి. ఆ సంగతి లాబ్ అంతా పాకింది. గేటు దగ్గర యూనియను మీటింగు అయిన ప్రతిరోజూ ఎవరో ఒకరు ఆమె బల్ల దగ్గరికి వచ్చి, పెంపు ఎంతదాకా వచ్చిందో మేడ ఇంటి లెక్కలో చెప్పేవారు. “అక్కా, మూడు యాభై. వంటిల్లు వచ్చేసింది.” ఇంకో వారానికి, “నాలుగు వందలు. ఒక గది.” అంతే, నాలుగు వందల దగ్గర ఆగిపోయింది.

ఆవణి వచ్చింది. ఇంటావిడ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“వేరేవాళ్ళు అడగతా ఉండారమ్మా. టి. నగర్ కొట్లో పనిచేసే పిల్లోడు. నేను ఆపి ఉండా. ఆవణి దాటితే నాచేత కాదు.”

“ఎందుకు ఆపారండీ?” అని నా భార్య అడిగింది.

“నా లెక్కను నమ్మి గదా నువ్వు లెటరు రాస్తివి. నాకు సిగ్గుగా ఉండదా?”

ఆగస్టు ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం ఇంటావిడ ఇంటి ఫోనుకి కబురు వచ్చింది. నేను పరుగెత్తాను. “సంతకాలయ్యాయి,” అంది నా భార్య. వెనక ఆడవాళ్ళ గోల వినిపిస్తోంది. “అయిదు వందల ఇరవై. మీరు లెక్క కట్టండి.”

ఇంటావిడ అప్పటికే కాగితం, పెన్సిలు నా ముందు పెట్టింది. రెండు వేల ఆరు వందలకు అయిదు వందల ఇరవై కలిపితే మూడు వేల నూట ఇరవై. ఇరవయ్యారుతో భాగిస్తే నూట ఇరవై. పదిహేనుతో గుణిస్తే పద్దెనిమిది వందలు. ఇరవయ్యేడుతో గుణిస్తే నలభై ఎనిమిది వేల ఆరు వందలు. ఫోన్లో చదివి వినిపించాను. “ఇంకోసారి,” అంది నా భార్య. ఇంకోసారి చదివాను.

రెండో సెండాఫ్‌లో దండ లేదు. కానుకా లేదు. మేనేజరు స్పీచి చెప్పనని చెప్పి, లేచి, మొదటిదానికంటే పెద్దది చెప్పాడు. ఏప్రిల్ నుంచి రావలసిన బకాయి జీతం విడిగా చేతికి వచ్చింది, దానితో ఒక సీలింగు ఫ్యాను కొన్నాం. గ్రాట్యుటీకి చట్టం నెల గడువు ఇస్తుంది. చెక్కు మాత్రం పది రోజుల్లో వచ్చింది. ఆలస్యమైతే ఆమె మళ్ళీ పనిలోకి వస్తుందేమోనని మేనేజరుకు భయమట.

బ్యాంకులో చెక్కు మారిన రోజున అరవై వేలు ఇంటావిడ చేతిలో పెట్టాం. ఆవణి ఇంకా నాలుగు రోజులుంది. ఆవిడ స్టాంపు కాగితం మీద సంతకం పెట్టి, తాళంచెవి ఇచ్చి, నోట్లు రెండుసార్లు లెక్కబెట్టుకుని, నా భార్య వైపు చూసింది.

“అయితే ఆ ఆరు వందలు మిగిలింది గదమ్మా?”

“మిగిలిందండీ.”

“దాన్ని దాచిపెట్టుకోవద్దు. ఇప్పుడే ఎళ్ళి ఒక మంచి చీర కొనుక్కో. పాండీ బజారుకు నేను వస్తా.”

ఇద్దరూ అప్పుడే బయల్దేరారు. పాలు పొంగించడానికి తెచ్చిన పాలు నా చేతిలోనే ఉన్నాయి. వాళ్ళు తిరిగి వచ్చేదాకా నేను ఖాళీ వసారాలో, కొత్త ఫ్యాను పెట్టె మీద కూర్చున్నాను.