ఎత్తడానికి నలుగురు

అమలాపురంలో పద్నాలుగేళ్లు ఒకే వాటాలో ఒంటరిగా అద్దెకున్నాను. రాజోలు కాలేజీకి గుమాస్తాగా బదిలీ కాగానే వ్యాన్ల స్టాండుకు వెళ్లాను. అక్కడ ఒక చిన్న వ్యాన్ డ్రైవరు బాడుగ లెక్క కట్టాడు.

"పోను ముప్పై కిలోమీటర్లు, ఖాళీగా రాను ముప్పై. కిలోమీటరుకి పాతిక చొప్పున పదిహేను వందలండీ. ఎక్కించడానికి గంట, దింపడానికి గంట అందులోనే. దాటితే గంటకి రెండొందలు."

ఖాళీ బండికి నేనెందుకివ్వాలని వాదించాను. ఒప్పుకోలేదు. సామాను ఎంతని అడిగాడు. బీరువా, ఫ్రిజ్, మంచం, పుస్తకాలు, వంటసామాను అన్నాను.

"ఒక ట్రిప్పేనండీ. మరి ఎత్తడానికి మనుషులున్నారా? లేపోతే ఇద్దరు కూలీల్ని తెస్తాను."

"నలుగురున్నారు" అన్నాను. డబ్బుకోసం కాదు. ఎవరూ లేరని కొత్తవాడి దగ్గర ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

నిజానికి మా వీధిలో ఎవరూ ఎవర్నీ పిలవరు. గుమ్మం ముందు వ్యాన్ ఆగితే చాలు, లుంగీలు ఎగగట్టుకుని వచ్చి బీరువాకు తలో చెయ్యి వేస్తారు. వస్తారనే అనుకున్నాను. కానీ ఇన్నేళ్లలో నేను ఏ వ్యాన్ దగ్గరకూ వెళ్లలేదు. అలాంటి రోజున కిటికీ వేసుకుని పేపరు చదువుకునే మనిషిని.

ఆదివారం ఉదయం వ్యాన్ వచ్చింది. చర్చికి వెళ్లేవాళ్లు చూసి నవ్వి వెళ్లిపోయారు. ఎదురింటాయన మోటారు సైకిలు కాస్త పక్కకు జరిపాడు, అంతే. గంట గడిచింది.

"ఆ నలుగురూ ఎప్పుడొస్తారండీ?" అన్నాడు డ్రైవరు.

"రారు" అన్నాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

అతను చొక్కా విప్పి మిర్రరుకు తగిలించి బీరువాకు ఒక వైపు పట్టుకున్నాడు. ఇద్దరం రొప్పుతూ అన్నీ ఎక్కించేసరికి మొత్తం మూడు గంటలైంది. ఇంతా చేస్తే సామాను బండిలో సగానికే సరిపోయింది. కదిలిపోకుండా తాడు బిగించి కట్టాడు.

రాజోల్లో దింపడం గంటలో అయిపోయింది. గడువు దాటిన రెండు గంటలకు నాలుగొందలు కలిపి పంతొమ్మిది వందలు ఇచ్చాను. ఎత్తినందుకు వేరే ఇవ్వబోతే వద్దన్నాడు.

"మనుషుల్లేరని ముందే చెప్పాల్సిందండీ. అందులో తప్పేముందండీ? సరే, క్షేమంగా చేరేనని మీవాళ్లకి ఫోన్ చేసుకోండి. కంగారు పడతారు" అని వెళ్లిపోయాడు.

కట్టలు విప్పని సామాను మధ్య మంచం పట్టె మీద కూర్చుని ఫోన్లో పేర్లన్నీ చూశాను. ఎవరూ కంగారు పడరు. గంట తర్వాత అతనికే ఫోన్ చేశాను.

"ఇల్లు చేరేరా?" అని అడిగాను.

"ఆయ్, ఇప్పుడే చేరేనండీ" అన్నాడు.