కొత్త చీటీ కట్టిన పాత చీరలు

ఇల్లందులో మా బట్టల దుకాణం బస్టాండుకు పోయే దారిలో ఉండేది. ఇంటాయన పోయాక ఏళ్ల తరబడి నేనే నడిపాను. కొడుకు చేతికి అందివచ్చాక కూడా గల్లా పక్క స్టూలు వదల్లేదు. చదివింది మూడో తరగతి. అయినా మీటరు ధర చెబితే చీర ధర నోటిలెక్కతోనే చెప్పేదాన్ని.

డబ్బు పోసి కొన్న సరుకు ఎప్పటికీ నష్టం కాదని నా నమ్మకం. బియ్యం పాతబడితే రుచి, చింతపండు పాతబడితే మందు. బట్ట మాత్రం ఎందుకు తగ్గాలి? రేట్లు ఏటేటా పెరుగుతూనే ఉన్నాయి కదా. ఈ ఏడు పోని చీరకు వచ్చే ఏడు అయిదు రూపాయలు ఎక్కువ వేసి కూర్చునేదాన్ని. తగ్గించి అమ్మడమంటే నా లెక్కలో అన్నం పారబోయడమే.

మా కోడలిది మధిర వైపు. బీకాం చదివింది. తొంభైలు మొదలైన రోజుల్లో మా ఇంటికి వచ్చింది. వచ్చిన ఏడాదికి, దుకాణంలో తనూ పని చేస్తానని మొగుణ్ణి అడిగింది. ఏం పని అంటే, ప్రతి సరుకూ వచ్చి ఎన్నాళ్లయిందో ఒక కాగితం మీద రాస్తానంది.

చేసింది కూడా. జ్యేష్ఠం చివర్లో నాలుగు రోజులు అరల్లోవన్నీ దించి, ప్రతిదానికీ కట్టిన చీటీ చూసి రాసుకుంది. మా చీటీ మీద కొన్న ధర మాకే తెలిసే అక్షరాల్లో ఉంటుంది, పక్కన సరుకు వచ్చిన నెల, ఏడు. పెద్ద కాగితం మీద నాలుగు గడులు గీసింది: మూడు నెలల లోపు, ఆరు నెలల లోపు, ఏడాది లోపు, ఏడాది దాటినవి. ఏ గడిలో ఎన్ని ఉన్నాయో, వాటి కొన్న ధర ఎంతో వేసింది. ఆరు నెలలు దాటితే రూపాయికి పది పైసలు తగ్గించాలట. ఏడాది దాటితే కొన్న ధరకే ఇవ్వాలట. అప్పటికీ కదలకపోతే ఇంకా కిందికి.

"బట్టలకు జాతకాలు రాస్తున్నవా ఏంది?" అన్నాను.

"జాతకమే అత్తయ్యా. ఎప్పుడు పుట్టిందో తెలిస్తే ఎప్పుడు అత్తగారింటికి పంపాలో తెలుస్తుంది."

నా కొడుకు నవ్వాడు గాని, మాట మాత్రం గట్టిగానే చెప్పాడు. "ఈ ఒక్క ఆషాఢం చూస్త. పాత సరుకు పోయి, శ్రావణం కొనుగోలుకు జాగా, పైసలు దొరికితే నువ్వు రోజూ దుకాణానికి రా. లేకుంటే మళ్ల అడగొద్దు."

ఆ పిల్ల సరేనంది. కాగితం చూపించిన ప్రకారమే ఆషాఢంలో ధరలు తగ్గించింది. ఆరు నెలలు దాటిన గడిలో ఉన్నవి దీపావళికి తెచ్చిన లుంగీలు, తువ్వాళ్లు. మా ఊరి బొగ్గు గనిలోకి దిగేవాళ్లకు అవి ఎప్పుడూ కావాల్సిందే. తగ్గించారని తెలిసి పదిరోజుల్లో ఊడ్చుకుపోయారు. ఏడాది దాటిన గడిలో నాలుగు దుప్పట్లు, కొన్ని జాకెట్టు ముక్కలు తప్ప ఏమీ లేవు. వెనక గోడ నిండా ఉన్న నూలు చీరలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. కాగితంలో వాటి వయసు మూడు నెలలు.

పదో రోజు నా కొడుకు లెక్క చూసుకుని కాగితం బల్ల మీద పడేశాడు.

"ఎట్లయినా పొయ్యే లుంగీలను తగ్గించి అమ్మినవు. చీరెలు గట్లనే ఉన్నయ్. ఈ నాలుగు గడులు గీసుడు నాకు రాదా? రేపటి సంది ఇంట్లనే ఉండు."

కోడలు కాగితం తీసుకుని మళ్లీ లెక్క చూడటం మొదలుపెట్టింది. తప్పు తన కూడికలో ఉందనుకుంది పాపం. కూడిక తప్పు కాదని ఆ దుకాణంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఏటా ఉగాదికి ముందు నేను పాత చీరలు దించి నీడన ఆరవేసేదాన్ని. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే నూలు అక్కడే చిరుగుతుంది కాబట్టి మడత మార్చేదాన్ని. మాసిన చీటీ పీకి కొత్తది కట్టేదాన్ని. ఆ కొత్త చీటీ మీద ఆ నెలే వేసేదాన్ని. పాత నెల కనబడితే గిరాకీలు గీచి గీచి బేరమాడతారని. ఈ పని నా కొడుకుకు కూడా తెలియదు. ఆ పిల్ల చీటీలు చూసి రాసుకుంటున్నప్పుడు కూడా నోరు మెదపలేదు నేను. కాగితం ఓడిపోతే పోనీలే అని లోపల ఉండిందేమో. ఉండింది.

లేచి వెనక గోడ నుంచి ఒక నెమలికంఠం రంగు చీర తీసి బల్ల మీద పరిచాను.

"చూడరా."

"ఏం చూడాలె అమ్మా?"

"గీతలు."

పాత మడతలు పడ్డచోటల్లా రంగు వెలిసి సన్నని తెల్ల గీతలు. ఒక వరస కాదు, మూడు వరసలు. ఏటా మడత మార్చానుగా.

"మూడు నెలల చీరెకు మూడు వరసలు ఎట్లొస్తయ్? చీటీలు నేను మార్చిన. నెలలు నేను తప్పేసిన. కాగితం అబద్ధం జెప్పలేదు, నేను జెప్పిన."

నా కొడుకు నన్ను చూశాడు, చీరను చూశాడు. "గన్ని చీరెలా?"

"అవ్. గోడ మొత్తం."

కోడలు మాత్రం ఒక్క ప్రశ్న అడిగింది. "పాత బిల్లులు ఉన్నాయా అత్తయ్యా?"

బిల్లులు పారేసే మనిషిని కాదు నేను. వెనక పక్క ఖాళీగా ఉంటే ఇంటి సామాను చీటీలు రాసుకునేదాన్ని. ఇనుప కడ్డీకి గుచ్చినవన్నీ తెచ్చి ముందు పెట్టాను. చీర చెంగున అంటించిన డిజైను నంబరు చూసి, ఆ నంబరు ఏ బిల్లులో ఉందో నేను వెతికిపెడుతుంటే తను రాసుకుంది. మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఈసారి నాలుగో గడి కాగితం అంచు దాటిపోయింది. మూడేళ్లవి కూడా ఉన్నాయి అందులో.

"కొన్నదానికంటే తక్కువకా?" అన్నాను. ప్రాణం ఒప్పలేదు.

"మూడేళ్లు మీరు కాపలా కాశారు. ఆ డబ్బుతో మూడు శ్రావణాలు సరుకు తెచ్చి అమ్ముకునేవాళ్లం అత్తయ్యా."

లేచి వెనక గోడ మీది చీరలు దించడం మొదలుపెట్టాను.

ఆషాఢంలో మిగిలిన పదిహేను రోజుల్లో చీరలు దుకాణం ముందు బల్లల మీదికి వచ్చాయి. టేకులపల్లి వైపు నుంచి వచ్చిన ఒక నడివయసు ఆమె చీర విప్పి వెలుతురుకు పట్టింది.

"మడతకాడ తెల్లబడ్డది గదా, పెద్దమ్మా?"

"తెల్లబడ్డది. మూడేండ్ల చీరె. గందుకే గీ ధర. లాగి చూసుకో, నచ్చితేనే తీస్కపో."

ఆమె రెండు చేతులా లాగి చూసింది. చిరగలేదు. "నాట్లప్పుడు కట్టుకుంటే గీతలెవ్వరు జూస్తరు?" అని రెండు తీసుకుంది. అలా కట్టుకునేవాళ్లు ఇంతమంది ఉన్నారని, వాళ్లకు ఆ ధర అయితేనే అందుతుందని నేనెన్నడూ ఆలోచించలేదు. చిరిగిన పదకొండింటిని మాత్రం తలగడ గలీబులుగా కుట్టించాను. వాటిని అమ్మనివ్వలేదు.

గోడ పూర్తిగా ఖాళీ కాలేదు. సగం పైన అయింది. నష్టం వచ్చిన మాట నిజం, అది నాదే. చేతికొచ్చిన డబ్బు పట్టుకుని నా కొడుకు విజయవాడకు సరుకుకు బయలుదేరుతూ గుమ్మంలో ఆగాడు.

"నువ్వు గూడ రా. ఏవి పోతయో, ఏవి కూసుంటయో నీ కాగితానికే ఎరుక గదా" అన్నాడు పెళ్లాంతో.

ఆ రెండు రోజులు ఇంట్లో వంట నేను చేశాను, మధ్యాహ్నాలు దుకాణంలో కూర్చున్నాను. మిగిలిన చీరలకు కొత్త చీటీలు రాయబోయి, కలం పక్కన పెట్టేశాను. వాళ్లు వచ్చి బిల్లు చూసి రాస్తారు.