మొగ్గలకు మూడు గంటల వాయిదా

మొగ్గలాయన షెడ్డులో పొద్దునపూట ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. పూలు పడుకుని ఉంటాయట. తలుపు గొళ్ళెం తీయాలంటే ముందు దానికి నూనె పెట్టాలి. తుమ్ము వస్తే వీధిలోకి పోయి తుమ్మి రావాలి. ఒకసారి పక్కింటి కుక్క మొరిగితే బకెట్టెడు గులాబీలు ఉలిక్కిపడి రేకులన్నీ రాల్చేశాయని ఆయన చెబుతాడు. ఆ కుక్క ఏ రంగుదో, తోక ఎటు వంకరో కూడా చెబుతాడు. పక్కింటివాళ్ళు ఏనాడూ కుక్కను పెంచలేదు. ఆ మాట గుర్తుచేసేవాళ్ళంటే ఆయనకు జాలి.

పెళ్ళిళ్ళకూ విందులకూ హాళ్ళు అలంకరించడం ఆయన పని. అంతకుముందు పాలడెయిరీ చల్లగదికి రాత్రి కాపలాదారు. ఎవరో వ్యాపారి ఆ గదిలో ఓ మూల పూలబుట్టలు దాచుకునేవాడు. పాలక్యాన్ల మధ్య దుప్పటి కప్పుకుని కూర్చుని, తెల్లవార్లూ ఆ బుట్టల వంక చూసీ చూసీ ఈయనకు బుర్ర తిరిగింది. పాల కాపలా మానేసి పూల కాపలాకు దిగాడు. ఇప్పుడు ఆ మూల ఈయన అద్దెకు తీసుకున్నదే. భార్య అంతకుముందు కర్టెన్లు కుట్టేది. గుడ్డ మడతలు ఆవిడవి, పూలు ఈయనవి, అబద్ధాలు ఇద్దరివీ అని ఈయన అంటాడు. ఆవిడ మాత్రం తన వాటా వదులుకున్నానంటుంది.

ఆయన అబద్ధాల్లో తలమానికం ఒకటుంది. పెళ్ళికూతురు హాలు గుమ్మంలో అడుగు పెట్టగానే వేదిక మీది లిల్లీమొగ్గలు కళ్ళు తెరుస్తాయని ఆయన మాట ఇస్తాడు. బాకాల్లాంటి పెద్ద తెల్ల లిల్లీలు అవి. ముందురోజు సాయంత్రం చల్లగదిలోంచి తీసి నీళ్ళల్లో నిలబెడితే, మర్నాడు ఏ వేళకు విచ్చుకుంటాయో ఆయన ఇంచుమించుగా చెప్పగలడు. అయితే ఆ ఇంచుమించులోనే ఉంది తిరకాసంతా. కొన్ని మొగ్గలు ముందే లేస్తాయి, కొన్ని భోజనాల వేళకు గానీ లేవవు. సరిగ్గా ఆ అడుగు పడే వేళకు ఒక్క మొగ్గయినా తెరుచుకోవడం ఇన్నేళ్ళలో ఎవరూ చూడలేదు. "అయ్యో, ఇప్పుడే కదండీ, మీరు అటు తిరిగారు" అని తప్పించుకుంటాడు. పెళ్ళిసందడిలో ఎవరికి గుర్తుంటుంది.

ఈసారి పెళ్ళికూతురితోనే వచ్చింది చిక్కు. పోయిన వారం ఆ పిల్ల షెడ్డుకొచ్చి, బకెట్టు ముందు గొంతుక్కూర్చుని, మొగ్గను ముట్టుకోకుండా చాలాసేపు చూసింది. "పువ్వు తెరుచుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు బాబాయ్. నిజంగా కళ్ళ ముందే అవుతుందా?" అని అడిగింది. అలవాటుకొద్దీ ఈయన, "నువ్వే చూస్తావుగా" అన్నాడు. ఆ పిల్ల నవ్వలేదు, అనుమానపడలేదు. సరేనని తలూపి వెళ్ళిపోయింది. అంత ముచ్చటగా ఆయన మాట నమ్మినవాళ్ళు అంతకుముందు లేరు. ఆ రోజు నుంచి మొగ్గలాయనకు తిన్నది ఒంటపట్టడం లేదు. నా చేతిలో లేని పనికి మాట ఇచ్చానే అని భార్య దగ్గర గొణిగాడు. "ఇన్నేళ్ళూ ఎవరి చేతిలో ఉందనుకున్నావు?" అని ఆవిడ దారం కొరుకుతూ అడిగింది.

పెళ్ళిరోజు ఇంకా బాగా తెల్లారకముందే ఫోను మోగింది. బకెట్ల మీద కప్పిన తడి గోనెపట్టాల నుంచి పల్చటి పొగలాంటి చలి లేస్తోంది.

"అన్నా, నేను పెళ్ళికూతురి మేనమామని."

"చెప్పండి మావయ్యగారూ. కాస్త మెల్లగా చెప్పండి, ఇక్కడ పడుకునున్నారు."

"ఎవరు, వదినగారా?"

"పూలు."

 మేనమామ నిజంగానే గొంతు తగ్గించాడు. "రాత్రి హాల్లో నీళ్ళపైపు పగిలిందన్నా. నేలంతా నీళ్ళే. భయానికి కరెంటు కూడా తీసేశారు. పన్నెండింటి పెళ్ళిని మూడింటికి జరిపాం. మీరు ఎనిమిదింటికి రావద్దు, పదకొండింటికి రండి. భోజనాలాయన సరేనన్నాడు, మీరూ కాస్త సర్దుకోవాలి."

"భోజనాలాయనకేం, పొయ్యి ముట్టించడం ఆపితే సరిపోతుంది. నా పొయ్యి ఆకాశంలో ఉంది, దాన్నెవరు ఆర్పుతారు?"

"నాకు అర్థం కాలేదన్నా."

"నాకూ కావడం లేదు. మళ్ళీ చేస్తానుండండి."

ఆయన బడాయి మాట్లాడాడు గానీ లోపల లెక్కలు వేసుకుంటున్నాడు. లిల్లీని మొగ్గగానే బండెక్కించాలి. విచ్చుకున్నాక ఎక్కిస్తే గతుకు గతుకుకీ రేకులు ఒకదానికొకటి రాసుకుని, ముట్టుకున్నచోటల్లా గోధుమరంగు మచ్చ పడుతుంది. పైగా లోపలి కేసరాల పొడి తెల్లరేకుల మీద రాలితే ఎంత తుడిచినా పోదు. అందుకే పువ్వు నోరు తెరిచీ తెరవగానే కేసరాలు గిల్లేస్తారు. ఇనప రేకుల షెడ్డు ఎండెక్కితే పెనంలా కాలుతుంది. పదకొండు దాకా ఇక్కడుంచితే మొగ్గలన్నీ బకెట్లలోనే లేచి కూర్చుంటాయి. ఇక ఆ పిల్ల చూడడానికి ఏం మిగులుతుంది?

"డెయిరీకి తీసుకుపోదామా?" అంది భార్య.

"ఇవాళ సెలవు. పాలబళ్ళు వెళ్ళగానే తాళం వేసేసుంటారు."

"పోనీ పళ్ళ మార్కెట్టు చల్లగది?"

"మాగిన పళ్ళ పక్కన పెడితే పువ్వుకు తొందర పుడుతుందే. పన్నెండు దాకా ఆగేది తొమ్మిదికే లేస్తుంది. పళ్ళు చెడ్డ స్నేహం."

"ఇది నిజమా, కుక్క కథా?"

"ఇది నిజం."

ఆవిడ పట్టా అంచు ఎత్తి చూసింది. ఆకుపచ్చ మొగ్గల బుగ్గలు తెల్లబడుతున్నాయి. మళ్ళీ మెల్లగా కప్పింది. "ఇందాక ఆయన హాల్లో ఏముందన్నాడు?"

"నీళ్ళు."

"ఇంకా?"

"కరెంటు లేదు, చీకటి..." అని ఆయన ఆగిపోయాడు. చన్నీళ్ళు పరిచిన నేల, మూసిన కిటికీలు, వెలగని దీపాలు. ఊళ్ళో ఇవాళ పూలు పడుకోదగ్గ చోటు ఏదైనా ఉందంటే, రావద్దన్న ఆ హాలే. పైగా అక్కడే లేస్తే బండి గతుకుల బాధ కూడా ఉండదు. ఆయన భార్య వంక చూశాడు. ఆవిడ అప్పటికే వ్యాను తాళాలు అందుకుంది.

ఫోనులో సంగతి చెబితే మేనమామ తికమకపడ్డాడు. "వెనక్కి జరపమంటే ముందుకు జరుపుతారేంటన్నా?"

"అలంకరణ మీరన్నట్టు పదకొండింటికే మావయ్యగారూ. ఇప్పుడు పడక మారుస్తున్నామంతే."

వ్యాను ఎప్పుడూ ఆవిడే నడుపుతుంది. ఆయన వెనకాల బకెట్ల మధ్య కూర్చుని, రెండు చేతులా రెండింటిని ఒళ్ళోకి అదుముకుంటాడు. ఆ పొద్దున వీధులు కూడా నీళ్ళల్లో నానబెట్టినట్టు మెత్తగా ఉన్నాయి. ఎవరో దుకాణం ముందు ఊడుస్తుంటే చీపురు చప్పుడు ఎంతో దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది.

హాలు చూసుకునే ఆవిడ చీర ఎగదోపుకుని, పొడుగు కర్రకు రబ్బరు పట్టీ కట్టిన తుడుపుతో నీళ్ళను గుమ్మంలోకి తోస్తోంది. "చెప్పులు చేత్తో పట్టుకోండి. పొద్దున్నుంచి ఇక్కడ మూడు జతలు పడవలైపోయాయి" అంది. సంగతి విని, "పూలకు పడకా? మా ఆయనక్కూడా ఓ మూల చూడండి, పగలంతా ఇంట్లోనే తొంగుంటాడు" అని వేదిక వైపు దారి చూపించింది.

వేదిక ఎత్తుగా ఉండడంతో అక్కడికి తడి రాలేదు. బకెట్లు వరసగా పెట్టి తెరలు దించారు. గుమ్మంలోంచి వచ్చే కాస్త వెలుతురు నేల మీది నీళ్ళల్లో పడి, పైకప్పంతా నీలంగా ఊగుతోంది. తుడుపు కదిలినప్పుడల్లా కప్పు కూడా ఒకసారి ఊపిరి తీసినట్టుంది. భార్య రెండు కుర్చీలు కలుపుకుని కాళ్ళు చాపుకుంది. మొగ్గలాయన బకెట్ల పక్కన కాపలాకు కూర్చుని, పాలడెయిరీలో కూర్చున్నట్టే కూర్చుని, ఎప్పుడో గోడకు ఒరిగిపోయాడు. హాలు నీళ్ళ మీద తేలుకుంటూ ఊరు దాటి పోతున్నట్టూ, మొగ్గలన్నీ తెరచాపలైనట్టూ కలొచ్చింది. తలుపు తీసి దిగుదామంటే ఊరు కనిపించలేదు. దానికి ఆయనకేమీ బెంగ కలగలేదు.

కళ్ళు తెరిచేసరికి కళ్ళల్లో ఎండ కొట్టినట్టయింది. ఎండ కాదు, దీపాలు. పైపు బాగుచేసి, నేల మీది నీళ్ళు చాలావరకు తోసేయగానే, కరెంటు వచ్చిందో లేదో చూద్దామని మేనమామ ఉన్న మీటలన్నీ ఒక్కసారే నొక్కేశాడు. తెరలు కూడా ఎవరో పైకి ఎత్తేశారు. వేదిక మీది పెద్దదీపాలు సూటిగా బకెట్ల మీద వేడి కుమ్మరిస్తున్నాయి.

"ఆర్పండి మావయ్యగారూ, ఆ దీపాలు ఆర్పండి" అంటూ ఆయన తూలుకుంటూ లేచాడు. దీపాలు ఆరాయి గానీ ముందు వరసలో అన్నిటికంటే లావుపాటి మొగ్గకు మెలకువ వచ్చేసింది. దాని కొసన దారమంత సందు పడింది. మిగతావీ ఒళ్ళు విరుచుకుంటున్నాయి. ఇంకా పదకొండు కూడా కాలేదు. మూడింటికి ఆ పిల్ల వచ్చేసరికి అన్నీ వెడల్పుగా నవ్వుతూ నిలబడి ఉంటాయి. చాలా అందంగానే ఉంటాయి. ఆయన ఇచ్చిన మాట మాత్రం ఉండదు.

"మళ్ళీ ముడుచుకోదా?" అని భార్య మెల్లగా అడిగింది. ముడుచుకోదని ఆయన తల అడ్డంగా ఊపాడు.

అప్పుడే గుమ్మంలో నీడ పడింది. పెళ్ళికూతురు. తలంటుకున్న జుట్టు ఆరకుండానే, ఇంట్లో కట్టే బట్టలతో, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేసింది. హాలు ఏమైపోయిందోనని ఇంట్లో నిలవలేకపోయానంది. "ఇప్పుడెందుకొచ్చావే, ఇంటికి నడు" అన్నాడు మేనమామ. ఆ పిల్ల వినకపోయేసరికి విసుక్కుంటూ భోజనాలాయన దగ్గరికి వెళ్ళిపోయాడు. మొగ్గలాయన రెండు చేతులూ చాచి బకెట్లకు అడ్డం నిలబడ్డాడు. నాలుక చివర బోలెడు కథలు ఉన్నాయి, ఏదీ బయటికి రాలేదు. భార్య ఆయన మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"ఇటు రామ్మా. కదలకుండా చూడు" అంది.

ఆ పిల్ల వేదిక అంచున మోకాళ్ళ మీద కూర్చుంది. చాలాసేపు ఏమీ జరగలేదు. తుడుపు చప్పుడు ఆగిపోయింది. మొగ్గ కొస ఒకసారి వణికింది, పెదవులు తడి ఆరి విడినట్టు ఒక రేకు విడింది, దాని వెనక ఇంకొకటి. లోపలి నుంచి సన్నటి వాసన హాలంతా పాకింది. మొగ్గలాయన కూడా ఆ పిల్ల పక్కనే చతికిలబడ్డాడు. ఆయన ఇలా పక్కన కూర్చుని చూడడం అదే మొదలు. ఇన్నేళ్ళూ ఆ వేళకు ఆయన ఎవరికో కథ చెబుతూనే ఉన్నాడు.

అలవాటుగా కేసరాలు గిల్లడానికి వేళ్ళు చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది.

"మూడింటికి అందరి ముందూ మళ్ళీ తెరుచుకుంటుందా బాబాయ్?"

తెరుచుకుంటుందమ్మా, నా పూలు రోజుకు రెండుసార్లు తెరుచుకుంటాయి అనడానికి ఆయనకు క్షణం పట్టదు. భార్య ఆయన నోటి వంకే చూస్తోంది.

"లేదమ్మా. ఒక పువ్వు ఒక్కసారే. ఇక అంతే."

"అయితే వాళ్ళకు చెప్పొద్దు" అంది ఆ పిల్ల. లేచి చెప్పులు తొడుక్కుని, తడి జుట్టు ముడి వేసుకుంటూ ఎండలోకి వెళ్ళిపోయింది.

మూడింటికల్లా వేదికంతా తెల్లగా విచ్చుకుంది. చుట్టాలందరూ మెచ్చుకున్నారు. మేనమామ ఒక గుప్పెడు జనాన్ని వెంటబెట్టుకుని మొగ్గలాయనను పట్టుకున్నాడు. "ఏంటన్నా, అమ్మాయి అడుగు పెట్టగానే తెరుచుకుంటాయన్నారుగా. ఇవి ఎప్పట్నుంచో తెరిచే ఉన్నాయే. చెప్పండి, వీళ్ళకు ఏం కథ చెబుతారో."

జనం నవ్వడానికి సిద్ధంగా నిలబడ్డారు. మొగ్గలాయన వేదిక మీద కూర్చున్న పెళ్ళికూతురి వంక ఒకసారి చూశాడు.

"పెళ్ళి మూడు గంటలు ఆలస్యమైంది మావయ్యగారూ. పూలు కదా, మన మాట ఎక్కడ వింటాయి" అని, తడి గోనెపట్టాలు చుట్టుకుని వ్యాను వైపు నడిచాడు.