కింద పేరు పిన్నిది

"నేనేమన్నా ఎగ్గొట్టి పారిపోయానా? గడువింకా వారం ఉంది! ఈ ఉత్తరం చూస్తే మా షాపుకి తాళం వేయడానికి వస్తున్నట్టుంది!"

"అది కాదమ్మా... మా అకౌంట్స్ ఆవిడ కాస్త తొందరపడి..."

అద్దాల గదిలోంచి ఆ రెండో మాట వినపడగానే నా చేతిలో ఉన్న అట్టపెట్టె నలిగిపోయింది. అకౌంట్స్ ఆవిడంటే మా పిన్ని. అరుస్తున్నది బేకరీ ఆవిడ, మా కంపెనీ చేసే అట్టపెట్టెలు అందరికంటే ఎక్కువ కొనే మనిషి. తప్పు పిన్ని మీదకి నెట్టేస్తున్నది మా ఓనరు. ఆవిడ ఆర్డరు పోతే పిన్ని కుర్చీ కూడా పోతుంది. అది తెలిసే ఆ మాట అన్నాడు.

పిన్ని రాసిన ఉత్తరం వేరు. పక్క బల్ల మీద ప్యాకింగ్ చీటీలు రాస్తూ నేను చూశాను. ఓనరు దాన్ని తన ఫోన్లో తెరిచి, "ఇంత మెత్తగా అడిగితే ఎవడిస్తాడు?" అని నవ్వి, పైన 'బాకీ - తక్షణం చెల్లించగలరు' అని పెట్టాడు. కింద 'ఆలస్యమైతే సరఫరా ఆపేస్తాం' అని తగిలించాడు. చివర్లో ఉన్న రెండు లైన్లు కొట్టేసి పంపేశాడు. పిన్ని పేరు మాత్రం కదిలించలేదు.

మా పిన్నికి ఉత్తరంలో బాకీ అడగడం ఎక్కడ వచ్చిందంటే, ఇక్కడ కాదు. ఇంతకుముందు ఒక పెద్ద హోటల్లో బిల్లులు కట్టే కుర్చీలో కూర్చునేది. కూరగాయలవాళ్ళు, సబ్బులవాళ్ళు, గ్యాసువాళ్ళు, అందరి కాగితాలూ ఆవిడ బల్ల మీదకే వచ్చేవి. "గడువు రాకముందే కళ్ళెర్రజేసినవాడి కాగితం దొంతర అడుక్కి పోయేదిరా. మర్యాదగా, ఏ బిల్లో, ఎంతో, ఎప్పటికో చెప్పినవాడిది పైకొచ్చేది. నేను కావాలని చేసేదాన్ని కాదు, చెయ్యే అలా చేసేది" అంటుంది. కొప్పులో పెన్ను గుచ్చుకుని రోజంతా దానికోసం వెతుక్కునే మనిషి, వేరేవాళ్ళ బిల్లు నంబరు మాత్రం ఒక్కటి కూడా తప్పు వేయదు. నేను కాలేజీ మానేస్తే ఇంట్లో అందరూ శోకాలు పెట్టారు. పిన్ని ఒక్కతే, "చదువు సగంలో వదిలేశావు సరే, ఆ టీ అయినా పూర్తిగా తాగు" అని ఇక్కడికి లాక్కొచ్చింది.

ఆ పిన్ని ఇప్పుడు లేచింది. కుర్చీ వెనక్కి పడిపోయినా చూడలేదు. తలుపు తీసుకుని గదిలోకి వెళ్ళింది. నేనూ గుమ్మం దాకా వెళ్ళాను.

"అమ్మా, ఉత్తరం సంగతి తర్వాత తిడుదురు. ముందు ఇది చెప్పండి, బిల్లులో ఏమైనా తేడా ఉందా?"

బేకరీ ఆవిడ మరీ మండిపడింది. "ఉందా అని అడుగుతావా! తడిసిన పెట్టెలు మీ డ్రైవరుకే తిరిగిచ్చాను. వాటికీ డబ్బు వేశారు. చెబుదామంటే ఎవరికి చెప్పాలో ఆ కాగితంలో ఉంటేనా?"

పిన్ని ఓనరు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"ఎవరికి చెప్పాలో అన్నదే మీరు కొట్టేసిన లైను సార్. అది ఉంటే ఆవిడ ఇంట్లో కూర్చునే ఫోన్ చేసేది. ఆ తడిసిన పెట్టెలకి డ్రైవరు తెచ్చిన వాపసు చీటీ ఎక్కడుంది?"

చీటీ ఓనరు టేబుల్ మీదే ఉంది, టీ కప్పు కింద.

"నా కంపెనీ, నా ఇష్టం" అన్నాడు ఓనరు, ఎర్రబడి.

"కంపెనీ మీదే. కింద పేరు నాది. నా పేరుతో పోయేది నేను చూశాకే పోవాలి. కుదరదంటే నా లెక్క ఇప్పుడే తేల్చేయండి."

బేకరీ ఆవిడ సంచి భుజాన వేసుకుంది. "కొత్త ఆర్డరు మాట్లాడాలంటే నేను ఈవిడతోనే మాట్లాడతా. నీతో కాదు నాయనా." ఓనరు కప్పు కిందనుంచి చీటీ లాగి పిన్ని చేతికిచ్చాడు.

పిన్ని వచ్చి కుర్చీ ఎత్తుకుని కూర్చుంది. వాపసు పెట్టెల సొమ్ము తగ్గించి, సరిచేసిన బిల్లు తయారుచేసి, మళ్ళీ రాసింది:

'అమ్మా, నమస్కారం. మీ ఆర్డరుకు ధన్యవాదాలు. సరిచేసిన బిల్లు దీనితో జతచేశాం. నంబరూ, మొత్తమూ పైన ఉన్నాయి. గడువు ఈ నెల పదిహేను. ముందుగా గుర్తుచేయడానికే ఈ ఉత్తరం. ఖాతా వివరాలు కింద ఉన్నాయి. ఇప్పటికే చెల్లించి ఉంటే దీన్ని పట్టించుకోవద్దు. బిల్లులో తేడా కనిపిస్తే నాకే ఫోన్ చేయండి.'

కింద తన పేరూ, నంబరూ.

"ఇంత జరిగాక కూడా ఇక్కడే ఉంటావా? ఈ ఉద్యోగం వాడి మొహాన కొట్టి రా పిన్నీ!" అన్నాను.

"అరవకు. ఆ కోపం వృథా చేయకు, నాకు పనుంది దాంతో." కాగితం నా ముందుకి తోసింది. "ఇకమీదట గడువు ముందు పోయే ప్రతి ఉత్తరం పంపేముందు నువ్వు చదువు. డబ్బు కట్టాల్సింది నువ్వే అనుకుని, పైకి చదువు. ఎక్కడ నీకు ఒళ్ళు మండుతుందో అక్కడ ఆగి నాకు చెప్పు. చేస్తావా?"