మంచం కాళ్ళ కింద ఇటుకలు

హనుమాన్ జంక్షన్‌కి ఇవతల, కాలువ గట్టు పక్కనున్న పేటలో సంపూర్ణమ్మ ఇంటి వెనక రెండు ఇటుకలు ఎప్పుడూ విడిగా ఉండేవి. గోడ పడిపోయి మళ్ళీ కట్టుకున్నప్పుడు కూడా తాపీమేస్త్రిని వాటి మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. పేటలో ఏ కడుపుతో ఉన్న పిల్లకైనా ఎర్ర కనబడిందంటే ఆ ఇటుకలు ఆ ఇంటికి నడిచేవి. సంపూర్ణమ్మ మంచానికి కాళ్ళు చాపేవైపు కోళ్ళ కింద ఒక్కోటి పెట్టి, తల పల్లంగా, కాళ్ళు ఎత్తుగా పడుకోబెట్టేది. కొడుకు యేసుకుమార్ కడుపులో పడ్డ మూడో నెలలో సంపూర్ణమ్మకి అలాగే ఎర్ర కనబడితే ఆవిడ అత్తగారు ఈ ఇటుకలే పెట్టింది. రక్తం ఆగింది, కొడుకు నిలిచాడు. ఆ రోజు నుంచీ ఆవిడకి ఇటుకల మీద ఉన్న నమ్మకం ఏ మందు మీదా లేదు.

ఆవిడ నాట్ల ముఠాకి మేస్త్రి. మోకాలి లోతు బురదలో వంగి, వెనక్కి నడుస్తూ నాటు వేసే ఆడవాళ్ళని ఏళ్ళ తరబడి నడిపింది. నెలసరి వచ్చినా, కడుపుతో ఉన్నా, పక్కమనిషికి తెలియకుండా చీర సర్దుకుని మళ్ళీ వరసలో నిలబడటం ఈ ఆడవాళ్ళకి అలవాటు. రైతు గట్టు మీద గొడుగేసుకుని నిలబడి చూస్తుంటాడు. వరస వెనకబడితే నోరు చేసుకుంటాడు. రక్తం సంగతి అతనికి చెప్పుకునేది కాదు, చెప్పినా వినేవాడు కాదు. అందుకే ఎవరైనా చాటుగా వచ్చి ఎర్ర కనబడిందంటే సంపూర్ణమ్మ అడిగే ప్రశ్న ఒకటే. "ఎంత?" కొంచెమే అంటే కాసేపు గట్టు మీద కూచోమనేది. ఎక్కువంటే ఇంటికి పంపేది. ఇలా కొలవడం ఆవిడ ఒక్కదాని తప్పేం కాదు. కొలిచి చూసుకుని సర్దుకుపొమ్మని లోకం వాళ్ళకి నేర్పిన పాఠం అది.

కోడలు జెస్సికాకి ఎనిమిదో నెల దాటుతోంది. మంగళగిరి పిల్ల, నెమ్మదస్తురాలు. బీపీ ఉందని డాక్టరు మాత్రలు రాశారు, అన్నం తిన్నాక వేసుకోమన్నారు. శుక్రవారం చర్చిలో ఉపవాస కూడిక. వద్దంటే వినకుండా జెస్సికా కూడా ఉపవాసం ఉంది. తిండి లేదు కాబట్టి మాత్రా వేసుకోలేదు. సాయంత్రానికి తల పగిలిపోతోందంది. ఎండకి ప్రార్థనలో కూచున్నందుకే అనుకుని సంపూర్ణమ్మ నుదుటికి అమృతాంజనం రాసింది. ఆదివారం ఆరాధన అయ్యాక పుట్టింటివాళ్ళు కారు తీసుకొచ్చి పురిటికి తీసుకెళ్తారు. ఈ ఒక్క రోజూ గడిస్తే చాలు.

శనివారం పొద్దున ముఠాని పొలానికి తీసుకెళ్ళే ట్రక్కు ఆటో వచ్చి పేట మొదట్లో హారను కొడుతోంది. సంపూర్ణమ్మ తలగుడ్డ చుట్టుకుంటుండగా జెస్సికా స్నానాల గది తలుపు దగ్గర నిలబడి పిలిచింది.

"అత్తయ్యా. ఎర్ర కనబడింది."

"ఎంత?"

"రూపాయి బిళ్ళంత. కాస్త నల్లగా ఉంది."

సంపూర్ణమ్మ ముఠాని అందులోనే నాటు వేసే శౌరమ్మకి అప్పగించింది. శౌరమ్మ ఆటోలోంచే, "మేస్త్రమ్మకి మనవడొచ్చే వేళైంది, ఇంక మన వెనక అరిచేదెవరు" అని నవ్వి వెళ్ళిపోయింది. సంపూర్ణమ్మ ఇటుకలు కడిగి తెచ్చింది. కోడల్ని పడుకోబెట్టి, నడుం కింద పాత చీర మడత వేసింది. కాసేపటికోసారి మడత తీసి చూసింది. మొదట ఇంకొంచెం తడి, తర్వాత అదీ లేదు. విజయవాడ వన్ టౌన్‌లో గోడౌన్ దగ్గర సరుకు దింపుతున్న కొడుక్కి ఫోన్ చేసి, కాస్త కనబడింది, ఆగిపోయింది, కంగారు లేదు అని చెప్పింది. ఆసుపత్రి మాట ఆవిడ మనసులోకి రాకపోలేదు. కానీ రేపు వియ్యపురాలు వచ్చేసరికి పిల్ల ఆసుపత్రిలో ఉంటే, అత్తగారింట్లో బాగా చూసుకోలేదని నలుగురిలో అంటుందేమోనని కూడా అనిపించింది. ఆగింది కదా, రేపటిదాకా చూద్దాం అనుకుంది.

జావ తెచ్చేసరికి జెస్సికా గోడవైపు తిరిగి పళ్ళు బిగించి ఉంది.

"నడుం నొప్పా?"

"నడుమూ, కడుపూ. వచ్చి పోవట్లేదు అత్తయ్యా. వచ్చి కూచుంది."

సంపూర్ణమ్మ జావ కింద పెట్టి కడుపు మీద చెయ్యి వేసింది. పురిటి నొప్పుల కడుపులు ఆ చేతులు చాలా చూశాయి. నొప్పి వచ్చినప్పుడు గట్టిపడుతుంది, పోయాక మెత్తబడుతుంది. ఆ మెత్తదనం కోసం చెయ్యి తీయకుండా ఉంచింది. రాలేదు. చేతికింద కడుపు చెక్కలా ఉంది. ఒత్తితే పిల్ల విలవిల్లాడింది.

"బిడ్డ కదులుతున్నాడా?"

పొద్దుటి నుంచీ తెలియడం లేదంది జెస్సికా.

మడత మీద రక్తం లేదు. ఆవిడ నేర్చుకున్న లెక్క ప్రకారం అంతా బాగున్నట్టే. కానీ చెయ్యి ఒప్పుకోవడం లేదు. ఆసుపత్రికి పంపుతానంటే వాకిట్లోకి వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, ఆగిపోయిందిగా, ఇప్పుడు నూట ఎనిమిది ఎందుకు, రేపు ఎలాగూ తీసుకెళ్తారుగా, బండిలో కుదిపితే మళ్ళీ మొదలవుతుంది అన్నారు. వాళ్ళు చెబుతున్నవన్నీ తను వాళ్ళకి నేర్పినవే. సంపూర్ణమ్మ విని కూడా ఫోన్ తీసింది.

అంబులెన్సులో వచ్చిన టెక్నీషియన్ పేరు పాల్. బీపీ చూసి, నాడి చూసి, కడుపు తాకి, ఇంకేమీ అడగకుండా స్ట్రెచర్ దింపమన్నాడు. సంపూర్ణమ్మ మంచినీళ్ళు పట్టబోతే వద్దన్నాడు, ఆపరేషన్ అవసరం పడొచ్చన్నాడు. జెస్సికాని ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టి, చేతికి సూది గుచ్చి సెలైను ఎక్కించాడు. జంక్షన్ ఆసుపత్రి దగ్గర ఆపరా అని ఆవిడ అడిగింది. రక్తం నిల్వ, మత్తు డాక్టరు, పసిబిడ్డల వార్డు మూడూ ఉన్నచోటికే పోవాలి, ఇక్కడ ఆగితే మళ్ళీ బయల్దేరాల్సొస్తుంది అని, విజయవాడ పెద్దాసుపత్రికి ఫోన్ చేశాడు.

హైవే మీద లారీలు దారి ఇవ్వడం లేదు. సంపూర్ణమ్మ మళ్ళీ మళ్ళీ చీర మడత ఎత్తి చూస్తోంది.

"అమ్మా, గుడ్డ చూడకండి" అన్నాడు పాల్. "మొహం చూడండి."

చూసింది. పెదవులు సున్నం కొట్టినట్టున్నాయి. నుదుటి మీద చల్లటి చెమట. బయటికి చుక్క రాకుండా మనిషి ఇలా ఎలా పాలిపోతుందో ఆవిడకి అర్థం కాలేదు. ఒంట్లో ఉన్న రక్తం ఎక్కడికి పోతోంది? ప్రార్థన చేద్దామంటే మాటలు కూడటం లేదు. ప్రభువా అన్నాక, ఆ తర్వాతది రావడం లేదు.

ఆసుపత్రిలో డాక్టరు భానుశ్రీ ఎంత రక్తం పోయిందని అడగలేదు. ఎప్పుడు మొదలైంది, నొప్పికి మధ్యలో విరామం ఉందా, బిడ్డ కదలిక ఎప్పుడు తెలిసింది, బీపీ మాత్ర చివరగా ఎప్పుడు వేసుకుంది అని అడిగింది. బిడ్డ మాయ గర్భసంచిలో కిందికి ఉందేమో స్కానింగులో చూసేదాకా లోపలి పరీక్ష ఎవరూ చెయ్యొద్దని నర్సుకి చెప్పింది. మాయ పైనే ఉంది, స్కానింగులో రక్తం కనబడలేదు అన్నారు. బిడ్డ గుండె కొట్టుకుంటోంది గానీ మందగించింది. జెస్సికాని థియేటర్‌కి తీసుకుపోతుండగా డాక్టరు నడుస్తూనే చెప్పింది.

"మాయ గర్భసంచి గోడకి అంటుకుని ఉండాలమ్మా, బిడ్డ పుట్టేదాకా. ఈ అమ్మాయికి ముందే ఊడిపోతోంది. బిడ్డకి ఊపిరి అందేది మాయలోంచే. ఊడినంత మేరా అందదు. ఆ రక్తం మాయ వెనకే చేరుతోంది."

"స్కానింగులో రక్తం కనబడలేదన్నారుగా?"

"కనబడకపోయినా ఇది కాదని చెప్పలేం. ఆ కడుపు గట్టిదనమే చెబుతోంది."

తలుపు మూసుకుంది. యేసుకుమార్ గోడౌన్ నుంచి పని బట్టలతోనే వచ్చాడు, వెంట సరుకు మోసే కళాసీలు ముగ్గురు. నలుగురూ బ్లడ్ బ్యాంకులో రక్తం ఇచ్చి వచ్చారు. అతను తల్లి పక్కన కూచోలేదు. ఎదురుగా గోడకి ఆనుకున్నాడు.

"కంగారు లేదన్నావు కదమ్మా" అన్నాడు.

నీకోసం పెట్టిన ఇటుకలేరా అందామనుకుని సంపూర్ణమ్మ ఆగిపోయింది. లోపలినుంచి నర్సు వచ్చి ఇంకా రక్తం కావాలంది, మళ్ళీ వచ్చి ప్లాస్మా కావాలంది. బిడ్డ ఏడుపు కోసం సంపూర్ణమ్మ చెవులు రిక్కించి కూచుంది. ఏమీ వినబడలేదు. ఒక నర్సు గుడ్డల్లో చుట్టిన దేన్నో ఎత్తుకుని పరుగున పోయింది. అది బతికి ఉందో లేదో అడిగే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.

చాలాసేపటికి భానుశ్రీ బయటికి వచ్చి బెంచీ మీద కూచుంది. ఆడపిల్ల, బరువు తక్కువ, మిషను సాయంతో ఊపిరి తీస్తోంది, ఇప్పుడే ఏమీ చెప్పలేం అంది. తల్లికి మాయ వెనక చెంబు నిండా రక్తం గడ్డకట్టి ఉంది. అంత పోయాక మిగిలిన రక్తానికి గడ్డకట్టే గుణం కూడా తగ్గుతుంది, అందుకే ప్లాస్మా ఎక్కిస్తున్నాం, గర్భసంచి తీయకుండా ప్రయత్నిస్తున్నాం అంది.

సంపూర్ణమ్మ అప్పుడు ఇటుకల సంగతి చెప్పింది. చెప్పకపోయినా ఎవరూ అడిగేవారు కాదు.

"మీ ఇటుకలు మాయని ఊడదీయలేదమ్మా" అంది డాక్టరు. "బీపీ వల్ల కావచ్చు. దెబ్బ తగిలినా అవుతుంది, ఒక్కోసారి కారణమే దొరకదు. ఇటుకలు ఆపిందీ లేదు. మీకు కనబడకుండా చేశాయి, అంతే. వచ్చేది రాకపోతే ఆగిందనుకున్నారు."

"నాకు ఆగిందిగా మరి, మా వాడప్పుడు."

"అది తొలి నెలల మాట. ఒక్కోసారి దానంతటదే ఆగుతుంది. అప్పుడైనా చూపించుకోవాల్సిందే. నెలలు నిండేటప్పుడు చుక్క కనబడినా, కనబడి ఆగినా, వెంటనే రావాలి. ఎంత అన్నది ఇంట్లో తేలే సంగతి కాదు."

రెండు రోజులు ఆసుపత్రి మెట్ల మీదే గడిచాయి. మంగళగిరి నుంచి వచ్చిన వియ్యపురాలు ఒక్క మాటా అనలేదు. అని ఉంటే సంపూర్ణమ్మకి తేలికయ్యేది. మూడోనాడు జెస్సికా కళ్ళు తెరిచి పాప ఎలా ఉందని అడిగింది. పాప అప్పటికి మిషను లేకుండా ఊపిరి తీస్తోంది. గర్భసంచి నిలిచింది. తల్లీబిడ్డా ఇల్లు చేరడానికి నెల పట్టింది. ఏంజెల్ అని పేరు పెట్టారు. ఇప్పటికీ ఆ పిల్ల నిద్రలో కదలకపోతే సంపూర్ణమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది.

రెండో పంట దాళ్వా నాట్లప్పుడు ముఠా కాలువ అవతల పొలంలో ఉంది. సంపూర్ణమ్మ గట్టెక్కి మజ్జిగ తాగుతుంటే ఫోన్ మోగింది. శౌరమ్మ చిన్నకూతురు. ఏడో నెల, పనికి రావద్దని ఇంట్లో ఉంచిన పిల్ల.

"పెద్దమ్మా, మీ ఇటుకలు ఒకసారి కావాలి. ఏం లేదు, కొంచెమే కనబడింది."

ఎంత అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ దాన్ని మింగేసింది.

"ఇంట్లోనే ఉన్నావా? తలుపు తీసి పెట్టి, ఎడమపక్కకి తిరిగి పడుకో. ఏం తాగకు. బండి పంపిస్తున్నా."

"ఆగిపోయింది పెద్దమ్మా, నిజంగా."

"ఆగనీ."

నూట ఎనిమిదికి ఫోన్ చేసి ఊరు, వీధి, ఎన్నో నెలో చెప్పింది. తర్వాత వరసలో వంగి ఉన్న శౌరమ్మని పేరు పెట్టి కేకేసింది. గొడుగు కింద నుంచి రైతు, నాటు మధ్యలో ఎక్కడికి అని అడిగాడు. సంపూర్ణమ్మ ఆయనకి జవాబు చెప్పకుండా, శౌరమ్మ చేతిలో నారుకట్ట తీసుకుని గట్టు మీద పెట్టి, బురదకాళ్ళతోనే ఆమెని రోడ్డువైపు నడిపించుకుపోయింది.