దోస్తులను ఆర్డరిచ్చి తెప్పిస్తారా?

మంగళవారం. మధ్యాహ్నం అమ్మ నాకు చెప్పకుండా చెల్లి స్వాతి వాళ్ల బడికి వెళ్లింది. మేం మహారాష్ట్రలోని భివండీ నుంచి ఊరికి తిరిగొచ్చాక, మాటల్లో హిందీ కలుస్తోందని ఏడో తరగతిలో ఎవరూ దాని పక్కన కూర్చోవడం లేదు. అమ్మ ఆ సంగతి చెప్పగానే టీచరు అందరినీ స్వాతితోనే తినమని ఆదేశించారు. వాళ్లు నవ్వు ఆపుకుంటూ తిన్నారట.

ఇంట్లో అమ్మ దాని నింజా కామిక్స్ మీద పడింది. "గీ కొట్లాటల బుక్కులు సదివే దోస్తులు లేకుంటైన్రు!"

"కొట్లాటల కోసం కాదమ్మా!" అంది స్వాతి. "ఊరోళ్లు ఎందుకు దూరం పెట్టిన్రో ఆ నింజా పిలగానికే తెల్వదు. పెద్దోళ్లను చూసి పిల్లలు గూడ జరిగిన్రు. ఎవలన్న చూస్తరని అల్లరి చేస్తడు. ఆఖరికి ఒక్క సారు వాని బాధ గుర్తువడ్తడు, ఎవలు చెప్పకుండనే! ఇంకో బుక్కుల ఓడదొంగల కథ గూడ అంతే. ఎవలకు అక్కెర లేనోళ్లే ఒక ఓడెక్కి ఇంటోళ్లయితరు."

కథలోని ఊరికంటే ముందే, చదివేవాళ్లకు ఆ పిల్లాడి మనసు తెలుస్తుంది. తనను కూడా ఎవరో అలాగే చూస్తారన్న ఆశతోనే స్వాతి చదువుతోంది. ఇదంతా గంటసేపు అమ్మకు వివరించాను.

"సరే, రేపు హెడ్మాస్టర్ సారుకు చెప్త" అంది!

ఇలాంటి అమ్మలను ఎలా ఆపాలో తెలిసినవాళ్లు చెప్పండి. రేపు పొద్దున ఆమె తయారయ్యేలోపే చెల్లిని సైకిల్ మీద తీసుకెళ్లి, నేను గేటు బయటే ఆగిపోతాను; లోపల దోస్తులను అదే వెతుక్కుంటుంది.